ఆర్బీఐలో ఫిర్యాదు మూసేశారు, మళ్లీ పెట్టొచ్చా?

"సార్, మాది హాలియా దగ్గర ఊరు. జూలై 8న పొలం దమ్ము చేసిన ట్రాక్టర్ ఓనర్ నంబరుకు ఫోన్లో 24,000 రూపాయలు పంపాను. నా ఖాతాలో కట్ అయ్యాయి, ఆయనకు పడలేదు. అదే రోజు యాప్‌లో కంప్లయింట్ పెట్టాను. 14న బ్రాంచికి పోయి చెబితే 'వస్తాయి, ఆగండి' అన్నారు. 21న కాగితం రాసి ఇచ్చి సీలు వేయించుకున్నాను. ట్రాక్టర్ ఆయనకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాను. నెల దాటింది కదా అని ఆగస్టు 12న ఆర్బీఐ పోర్టల్‌లో పెడితే, బ్యాంకుకు 30 రోజుల టైం ఇవ్వలేదని మూసేశారు. మేనేజర్ 'ఆర్బీఐనే కొట్టేసింది, ఇక ఏం లేదు' అంటున్నారు. ఊర్లో ఇంకొకాయన, 1,500 ఇస్తే హైదరాబాద్ ఆఫీసులో పని చేయిస్తానంటున్నాడు. ఏం చేయాలి?" (ఒక రైతు, నల్గొండ జిల్లా)

మళ్లీ పెట్టొచ్చు, ఈరోజే పెట్టొచ్చు. ఆర్బీఐ వాళ్లు మీ ఫిర్యాదులో న్యాయం లేదని చెప్పలేదు. టైం కాకముందే వచ్చింది కాబట్టి విచారణకు తీసుకోలేదు, అంతే. 2021 నవంబర్ 12న మొదలైన రిజర్వ్ బ్యాంక్ సమీకృత అంబుడ్స్‌మన్ పథకంలో ఒకే విషయం మీద రెండోసారి రాకూడదన్న నియమం ఉన్నమాట నిజమే. అయితే ఆ నియమం అంబుడ్స్‌మన్, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్బీఐ అధికారి, విచారించి తేల్చేసిన వాటికి, ఇంకా అక్కడ నడుస్తున్న వాటికి. మీది ఆ గడప కూడా తొక్కలేదు. ఇలా మూసేసిన వాటి మీద అప్పీలు ఉండదు, దాని కోసం కాగితాలు పెట్టుకుని టైం పోగొట్టుకోకండి. కొత్త ఫిర్యాదుగా వేయడమే దారి. మేనేజర్ గారు తెలియక అన్నారో, వదిలించుకోవడానికి అన్నారో నేను చెప్పలేను కానీ, ఆయన మాట మాత్రం తప్పు.

ఇంతకీ మీ లెక్క ఎక్కడ తప్పిందో చూద్దాం, ఎందుకంటే ఈసారి ఫారంలో ఆ తేదీయే సరిగ్గా పడాలి. మీరు జూలై 8 నుంచి లెక్కపెట్టారు. పథకం చెప్పే 30 రోజులు డబ్బు కట్ అయిన రోజు నుంచి మొదలుకావు. మీరు రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదు బ్యాంకుకు అందిన రోజు నుంచి మొదలవుతాయి. 14న కౌంటర్ దగ్గర నోటితో చెప్పింది లెక్కలోకి రాదు, దానికి రుజువు లేదు. 21న ఇచ్చిన కాగితానికి సీలుంది, తేదీ ఉంది. అక్కడి నుంచి 30 రోజులు ఆగస్టు 20తో అయిపోయాయి. 12వ తేదీకి బ్యాంకుకు అయింది 22 రోజులే. అందుకే మూసేశారు.

మరి యాప్‌లో పెట్టిన కంప్లయింట్ సంగతేంటి అంటారా? చాలామంది ఇక్కడే బోల్తా పడుతున్నారు. ఫోన్లో మనం నొక్కే యాప్ ఒక కంపెనీది, డబ్బు ఉండేది మాత్రం బ్యాంకులో. యాప్‌లో ఫిర్యాదు పెట్టడం మంచిదే, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది కూడా. కానీ ఆర్బీఐ ముందు నిలబడాలంటే మీ బ్యాంకుకే రాసి ఉండాలి, రాసినట్టు చేతిలో ఆధారం ఉండాలి. ఈమెయిల్ అయినా, బ్యాంకు వెబ్‌సైట్‌లో వేసి నంబరు తెచ్చుకున్నదైనా, మీలాగా సీలు వేయించుకున్న కాగితమైనా సరే. అదృష్టం కొద్దీ మీరు ఆ కాగితం సంపాదించారు. అది లేకపోయి ఉంటే ఇప్పుడు కాగితం రాసిచ్చి మళ్లీ 30 రోజులు ఆగమని చెప్పాల్సి వచ్చేది.

ఇంకో మాట. బ్యాంకు 30 రోజుల లోపే 'మీ ఫిర్యాదు పరిష్కరించి మూసివేశాం' అని మెసేజ్ పంపి, డబ్బు మాత్రం వేయకపోతే మిగతా రోజుల కోసం కూర్చోనవసరం లేదు. అది జవాబు కిందే లెక్క. ఆ జవాబు నచ్చలేదని వెంటనే పైకి పోవచ్చు. మీకు అలాంటి మెసేజ్ ఏదైనా వచ్చిందేమో ఫోన్లో పాతవన్నీ ఒకసారి తిరగేయండి. ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. 'పరిశీలిస్తున్నాం' అని మాత్రమే ఉంటే అది జవాబు కాదు, గడువు తీరేదాకా ఆగాల్సిందే. మీకు ఎలాగూ తీరింది.

పోర్టల్ తెరిచే ముందు ట్రాక్టర్ ఓనర్‌తో ఒకసారి కూర్చోవాలి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. మీరు పంపింది ఫోన్ నంబరుకు. ఒక నంబరుకు రెండు మూడు బ్యాంకుల ఖాతాలు కలిపి ఉంటాయి. ఆయన యాప్‌లో మొదటి ఖాతాగా ఏది పెట్టుకుంటే డబ్బు దాంట్లో పడుతుంది. ఆయన చూసుకునే పాస్‌బుక్ ఒకటి, డబ్బు పడింది ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో అయితే మీ ఫిర్యాదు మొత్తం కూలిపోతుంది. అలాంటి కేసులు తక్కువేమీ కాదు. కాబట్టి మీ యాప్‌లో ఆ చెల్లింపు తెరిచి, అది ఏ బ్యాంకు ఖాతాకు వెళ్లినట్టు చూపిస్తుందో చూడండి. అదే ఖాతా స్టేట్‌మెంట్ జూలై 8 నుంచి ఇప్పటిదాకా ఆయనతో తీయించండి. ఒక్క రోజుది చాలదు, కొన్నిసార్లు డబ్బు తర్వాతి రోజుల్లో పడుతుంది. అందులో 24,000 లేకపోతే ఆ కాగితమే మీ కేసుకు ప్రాణం. ఆయన వేరే లావాదేవీలు కనబడతాయని మొహమాటపడితే, వాటిని కొట్టేసి జిరాక్స్ ఇవ్వమనండి.

అదే చోట 12 అంకెల నంబరు ఒకటి ఉంటుంది, యూటీఆర్ అంటారు. మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జూలై 8 వరుసలో కూడా అదే నంబరు ఉండాలి. రెండూ కలుస్తున్నాయో లేదో ఒక్కొక్క అంకె చూసుకోండి. బ్యాంకుల మధ్య డబ్బు ఎక్కడ ఆగిందో వెతకాలంటే వాళ్ల చేతిలో ఉండే కొస ఇదొక్కటే.

ఎక్కడ ఆగుతుందని అడిగితే, మీ బ్యాంకు డబ్బు తీసి అవతలి బ్యాంకుకు కబురు పంపుతుంది. అటు నుంచి 'వేశాను' అనో 'వేయలేకపోయాను' అనో జవాబు రావాలి. సర్వర్ మొరాయించి ఏ జవాబూ రాకపోతే లావాదేవీ మధ్యలో వేలాడుతుంది. అప్పుడు అవతలి బ్యాంకు తన లెక్కలు చూసుకుని, ఖాతాలో వేయడమో వెనక్కి పంపడమో చేయాలి. అది చేయకుండా వదిలేస్తే మీ బ్యాంకులో 'విజయవంతం' అని కనబడుతుంది, ఆయన ఖాతాలో ఏమీ ఉండదు. బ్రాంచిలో కూర్చున్నవాళ్లు తమ స్క్రీన్ మీద విజయవంతం అని చూసి మిమ్మల్ని పంపించేస్తారు. వాళ్ల స్క్రీన్ అబద్ధం చెప్పడం లేదు, సగం కథే చెబుతోంది. మిగతా సగం ట్రాక్టర్ ఓనర్ స్టేట్‌మెంట్‌లో ఉంది.

ఇప్పుడు మీకు రావాల్సింది ఎంత అన్నది. 24,000 ఒక్కటే అనుకుంటే మీరు నష్టపోతారు. 2019 సెప్టెంబర్ 20న రిజర్వ్ బ్యాంక్ ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఫెయిలైన చెల్లింపులు ఎన్ని రోజుల్లో తిరిగి రావాలి, ఆలస్యమైతే ఎంత పరిహారం ఇవ్వాలి అన్నది అందులో ఉంది. యూపీఐలో మనిషికి మనిషి పంపిన డబ్బు అవతల జమ కాకపోతే, పంపిన రోజు పోను మరుసటి రోజుకల్లా తిరిగి రావాలి. అది దాటితే రోజుకు 100 రూపాయలు. దుకాణంలో స్కాన్ చేసి కట్టింది అయితే మరుసటి రోజు కాదు, అయిదు రోజుల గడువు ఉంటుంది. మీది ట్రాక్టర్ ఆయన సొంత నంబరుకు పంపింది కాబట్టి ఒక్క రోజే. పైగా ఈ పరిహారం ఖాతాదారు అడిగే దాకా ఆగకుండా దానంతట అదే వేయాలని కూడా సర్క్యులర్ చెబుతుంది. జరిగేది వేరే అనుకోండి.

మీ లెక్క వేస్తే, జూలై 9తో గడువు అయింది. జూలై 10 నుంచి 31 దాకా 22 రోజులు, ఆగస్టులో నేను ఇది రాస్తున్న 28 దాకా మరో 28. మొత్తం 50 రోజులు, 5,000 రూపాయలు. ఇది ఆగదు, డబ్బు ఖాతాలో పడే రోజు దాకా పెరుగుతూనే ఉంటుంది. రోజులంటే ఆదివారాలు, పండుగలు కూడా కలిపే, క్యాలెండర్ రోజులు.

వడ్డీ సంగతి. రెండు రూపాయల వడ్డీ అంటే 24,000 మీద నెలకు 480. ఇది మీకు నిజంగా తగిలిన నష్టమే. నష్టానికి 20 లక్షల దాకా, దాని పైన ఇబ్బందికి, తిరుగుడుకు మరో లక్ష దాకా ఇప్పించే అధికారం 2021 నాటి ఈ పథకంలో అంబుడ్స్‌మన్‌కు ఇచ్చారు. అది చూసి కొందరు 24,000 కేసులో లక్ష కావాలని రాస్తారు. నా మట్టుకు నేను అలా రాయవద్దంటాను. చదివే అధికారికి మొదటి పంక్తిలోనే మీ మీద నమ్మకం సడలుతుంది. ప్రామిసరీ నోటు రాసిచ్చి ఉంటే దాని కాపీ పెట్టి వడ్డీ అడగండి. చేతిబదులుగా తెచ్చి కాగితం ఏమీ లేకపోతే ఒక వాక్యం రాసి వదిలేయండి, దాని మీద పట్టుబట్టకండి. రోజుకు 100 మాత్రం పట్టుబట్టాల్సిందే, దానికి నోటు అక్కర్లేదు, సర్క్యులరే ఉంది.

ఇక పోర్టల్. cms.rbi.org.in అని మీరే టైప్ చేసి వెళ్లండి, గూగుల్‌లో వెతికి కనబడిన దాని మీద నొక్కకండి. File a Complaint దగ్గర మొదలుపెడితే పేరు, మొబైల్ నంబరు అడిగి ఓటీపీ పంపుతుంది. నెట్ సెంటర్‌లో వేయించినా ఆ నంబరు మీదే అయ్యుండాలి, తర్వాత మెసేజ్‌లన్నీ దానికే వస్తాయి. ఎవరి మీద ఫిర్యాదు అన్న చోట జూలై 21న మీరు కాగితం ఇచ్చిన బ్యాంకు పేరే ఎంచుకోండి. యాప్ కంపెనీని కాదు, ట్రాక్టర్ ఆయన బ్యాంకును కూడా కాదు. తప్పు అవతలి బ్యాంకుదే అయినా మీరు రాసింది మీ బ్యాంకుకు, అడగాల్సింది కూడా దాన్నే. మన జిల్లాల్లో పాత గ్రామీణ వికాస్ బ్యాంకు ఖాతాలున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2025 జనవరి 1 నుంచి తెలంగాణలోని ఆ బ్రాంచీలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. పాస్‌బుక్ మీద పాత పేరున్నా, వెతకాల్సింది కొత్త పేరు.

తర్వాత కొన్ని ప్రశ్నలు వస్తాయి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారా, ఏ తేదీన, జవాబు వచ్చిందా, కోర్టులో కేసు నడుస్తోందా, లాయర్ ద్వారా వేస్తున్నారా అని. తేదీ దగ్గర జూలై 21 వేయండి. పోయినసారి ఇక్కడ ఏ తేదీ వేశారో నాకు తెలియదు కానీ, 8 వేసి 21 తేదీ సీలున్న కాగితం జతచేస్తే రెండూ పొసగవు. లాయర్ అక్కర్లేదు. నిజానికి లాయర్ ద్వారా వేస్తే ఈ పథకంలో తీసుకోరు, లాయరే నష్టపోయిన మనిషైతే తప్ప.

విషయం రాసే పెట్టెలో చరిత్ర అంతా రాయకండి. బ్రాంచిలో ఎవరు ఎలా మాట్లాడారు, ఎన్నిసార్లు తిప్పారు అన్నది చదివేవాళ్లకు పనికిరాదు. ఇలా ఉంటే చాలు:

"2025 జూలై 8న నా ఖాతా నుంచి యూపీఐ ద్వారా 24,000 రూపాయలు పంపాను, యూటీఆర్ నంబరు ఇది. నా ఖాతాలో కట్ అయింది. అవతలి ఖాతాలో నేటి వరకు జమ కాలేదు, ఆయన స్టేట్‌మెంట్ జతచేశాను. నాకు తిరిగి కూడా రాలేదు. జూలై 21న బ్రాంచికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను, సీలు ఉన్న కాపీ జతచేశాను. 30 రోజులు దాటినా జవాబు లేదు. ఆగస్టు 12న వేసిన ఫిర్యాదు గడువు తీరలేదన్న కారణంతో మూసివేశారు, దాని నంబరు ఇది. 24,000 రూపాయలు, 2019 సెప్టెంబర్ 20 సర్క్యులర్ ప్రకారం జూలై 10 నుంచి జమ అయ్యే రోజు వరకు రోజుకు 100 రూపాయలు ఇప్పించగలరు."

పాత ఫిర్యాదు నంబరు దాచకుండా రాయమన్నది కావాలనే. అది వాళ్ల రికార్డులో ఎలాగూ ఉంటుంది. మీరే చెప్పి, ఎందుకు మూసేశారో కూడా చెబితే రెండోసారి వేశారన్న అనుమానం రాదు. ఇంగ్లీషులో రాయించగలిగితే రాయించండి. అది కుదరకపోతే, పోస్టులో పంపే ఫిర్యాదులు ఏ భాషలో ఉన్నా తీసుకుంటారు. చండీగఢ్‌లో సెక్టార్ 17లోని రిజర్వ్ బ్యాంక్ భవనంలో దేశం మొత్తానికి ఒకే స్వీకరణ కేంద్రం ఉంది, పిన్ 160017. పోస్టు కంటే పోర్టల్ త్వరగా కదులుతుంది. 14448కు ఫోన్ చేస్తే తెలుగులో వివరాలు చెబుతారు కానీ, ఆ ఫోన్ ఫిర్యాదు కిందకు రాదు.

జతచేయాల్సినవి నాలుగు. సీలున్న కాగితం, మీ స్టేట్‌మెంట్‌లో ఆ వరుస ఉన్న పేజీ, ట్రాక్టర్ ఆయన స్టేట్‌మెంట్, యాప్ స్క్రీన్‌షాట్. ఫోన్‌తో ఫొటో తీసి పెడితే సీలు మీద తేదీ చదవగలిగేలా ఉందో లేదో పెద్దది చేసి చూసుకోండి. మన బ్రాంచీల సీళ్లు సంగతి తెలుసు కదా, సగం ఇంకు ఉండదు. చదవడానికి రాకపోతే బ్రాంచికి వెళ్లి తేదీ పెన్నుతో రాసి సంతకం చేయమని అడగండి.

1,500 అడిగిన ఆయన్ని మర్యాదగా పంపించేయండి. ఈ ఫిర్యాదుకు ఫీజు లేదు. 'హైదరాబాద్ ఆఫీసులో చేయిస్తా' అన్న మాటకు అర్థం కూడా లేదు. 2021 నుంచి మీ ఫిర్యాదు హైదరాబాద్ అంబుడ్స్‌మన్‌కే వెళ్లాలన్న నియమం లేదు, దేశంలో ఏ ఆఫీసుకైనా కేటాయిస్తారు. ఫిర్యాదు పెట్టాక 'ఆర్బీఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు రిలీజ్ చేయాలంటే పిన్ చెప్పండి' అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. డబ్బు రావడానికి ఎక్కడా పిన్ కొట్టాల్సిన పని ఉండదు.

వేశాక ఫిర్యాదు నంబరు వస్తుంది, ఆ పీడీఎఫ్ దాచుకోండి. ముందు చండీగఢ్‌లో ఇది తీసుకోదగినదా కాదా చూస్తారు, తర్వాత అంబుడ్స్‌మన్ ఆఫీసుకు పోతుంది. అక్కడి నుంచి అడిగితే బ్యాంకు 15 రోజుల్లో తన జవాబు, కాగితాలు ఇవ్వాలి. మామూలుగా ఈ దశలోనే కథ మారుతుంది. ఇన్నాళ్లూ బ్రాంచి చేతిలో ఉన్న విషయం బ్యాంకు పెద్దాఫీసులో ఈ పనికే ఉన్నవాళ్ల దగ్గరికి పోతుంది. వాళ్లు అవతలి బ్యాంకును అడిగి డబ్బు తెప్పిస్తారు.

అప్పుడు మీకు బ్రాంచి నుంచి ఫోన్ వస్తుంది. 'డబ్బు వేశాం, సెటిల్ అయిందని ఒక లెటర్ ఇవ్వండి' అంటారు. తొందరపడకండి. ముందు ఖాతా చూడండి. 24,000 మాత్రమే పడి ఉంటే, రోజుకు 100 ఎప్పుడు వేస్తారని అడగండి. ఉదాహరణకు సెప్టెంబర్ 15న డబ్బు పడితే, జూలై 10 నుంచి లెక్కేసి 68 రోజులకు 6,800 కూడా రావాలి. మీరు సెటిల్ అయిందని సంతకం పెట్టిన మరుక్షణం ఆ ఫిర్యాదు ముగిసిపోతుంది, పరిహారం కోసం మళ్లీ అదే తలుపు తట్టలేరు. మేనేజర్‌తో గొడవ వద్దు. 'అసలు అందింది, పరిహారం రాలేదు' అని అంబుడ్స్‌మన్ ఆఫీసు నుంచి వచ్చిన ఈమెయిల్‌కు ఒక్క వాక్యం జవాబివ్వండి, చాలు.

ఒకవేళ బ్యాంకు 'అవతలి ఖాతాలో జమ అయింది' అని తేదీతో సహా చూపిస్తే, ట్రాక్టర్ ఆయన్ని మళ్లీ కలవాల్సిందే, మీరు తేల్చుకోవాల్సింది ఆయనతో. నంబరు తప్పు కొట్టి వేరేవాళ్లకు పంపిన కేసయితే ఈ రోజుకు 100 నియమం వర్తించదు, అది ఫెయిలైన చెల్లింపు కాదు. మీరు చెప్పినదాన్ని బట్టి మీది అలా లేదు.

రాజీ కుదరక అంబుడ్స్‌మన్ మీకు అనుకూలంగా అవార్డు, అంటే తీర్పు ఇస్తే, దాన్ని ఒప్పుకుంటున్నానని 30 రోజుల్లో బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే అవార్డు చెల్లకుండా పోతుంది. ఆ కాగితం మీద కూడా జూలై 21న వేయించుకున్నట్టే సీలు వేయించుకోండి.